ఒక నెయ్యి కంపెనీ, 104 వారాల డేటా: మార్కెటింగ్ మిక్స్ మోడలింగ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలన్నీ ఒకే ఉదాహరణ చుట్టూ తిరుగుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో నెయ్యి అమ్మే ఒక మధ్యస్థాయి కంపెనీ ఉందనుకుందాం. వారానికి సగటున కోటి రూపాయల అమ్మకం. ప్రకటనలకు ఏడాదికి 3 కోట్లు పెడుతోంది: టీవీకి కోటి 60 లక్షలు, పేపర్లకు 80 లక్షలు, ఆన్‌లైన్‌కి 60 లక్షలు. చేతిలో రెండేళ్ల లెక్కలున్నాయి, అంటే 104 వారాలు. కంపెనీ అంకెలన్నీ విషయం అర్థమవడానికి నేను వేసుకున్నవే, కానీ ఎదురయ్యే ఇబ్బందులు మాత్రం తక్కువ డేటాతో ఈ పని మొదలుపెట్టిన ఎవరికైనా ఎదురయ్యేవే.

ఈ మోడల్ అసలు ఏం చేస్తుంది?

వారం వారం అమ్మకాలను ముక్కలుగా విడదీస్తుంది. ప్రకటన ఏదీ లేకపోయినా అమ్ముడయ్యేది ఎంత, పండగ వల్ల పెరిగింది ఎంత, ధర మారడం వల్ల ఎంత, టీవీ వల్ల ఎంత, పేపర్ వల్ల ఎంత, ఆన్‌లైన్ వల్ల ఎంత అని. లోపల జరిగేది రిగ్రెషన్. ఏ వారం ఎక్కడ ఎంత ఖర్చు పెట్టారో, ఆ వారం, దాని తర్వాతి వారాల్లో అమ్మకం ఎలా కదిలిందో పక్కపక్కన పెట్టి చూస్తుంది. మనుషులను ఒక్కొక్కరినీ వెంబడించదు, మొత్తం అంకెలే చాలు. పేపర్ చూసి కిరాణా కొట్టుకి వెళ్ళి అరకిలో నెయ్యి కొన్న మనిషి ఏ క్లిక్కులోనూ కనబడడు కాబట్టి, ఇలాంటి కంపెనీకి ఈ పద్ధతి సరిపోతుంది.

రెండేళ్ల డేటా ఉంది. 104 వరసలు సరిపోవా?

వరసలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, వాటిలో ఖర్చులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎన్నిసార్లు కదిలాయన్నది చూడాలి. మన కంపెనీ లెక్క తీద్దాం. 104 వారాల్లో టీవీ ప్రకటన వచ్చింది 22 వారాలు, పేపర్ ప్రకటన వచ్చింది 14 వారాలు. ఆ 14లో 11 వారాలు టీవీ కూడా నడుస్తోంది, ఎందుకంటే దసరా వచ్చిందంటే రెండూ కలిపే వేస్తారు. అంటే టీవీ లేకుండా పేపర్ ఒక్కటే ఉన్నవి 3 వారాలు. పేపర్ ఒంటరిగా ఏం చేసిందో చెప్పడానికి మోడల్ దగ్గర నేరుగా ఉన్న సాక్ష్యం ఆ 3 వారాలే, మిగతా వందా ఎంత శుభ్రంగా ఎక్సెల్‌లో ఉన్నా ఈ ప్రశ్నకు పెద్దగా పనికిరావు.

ఇంకో పక్క మనం అడుగుతున్నవి చూడండి. ఒక్కో మీడియాకి మూడు అంకెలు కావాలి: ప్రభావం ఎంత, ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఎక్కడ మందగిస్తుంది. మూడు మీడియాలకి 9. ధర, ఎన్ని షాపుల్లో సరుకు ఉంది, ట్రెండ్, ప్రకటన లేని మామూలు అమ్మకం, నాలుగు పండగలు కలిపితే 17. ఒక్కో అంకెకు 7 నుంచి 10 వారాలైనా ఉండాలని వాడుకలో ఒక మోటు లెక్క ఉంది, మనకు 6 వస్తున్నాయి, అవి కూడా ఒకదానితో ఒకటి కలిసిపోయినవి. కాబట్టి అన్నీ డేటానే చెప్పాలని పట్టుబట్టకుండా, కొన్ని బయటినుంచి తెచ్చి ఇవ్వాలి. ఎలా అన్నది కింద వస్తుంది.

ఏ అమ్మకాలు తీసుకోవాలి? అకౌంట్స్ వాళ్ళు ఇచ్చే బిల్లింగ్ వాడొచ్చా?

వాడొద్దు. అది డిస్ట్రిబ్యూటర్‌కి పంపిన సరుకు లెక్క. దసరాకి రెండు మూడు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ నింపుకుంటాడు, ప్రకటన మొదలయ్యేసరికి బిల్లింగ్ పడిపోయి ఉంటుంది. ఆ అంకెలు పెడితే ప్రకటన వేసిన వారాల్లో అమ్మకం తగ్గిందని మోడల్ చెబుతుంది, దాని దృష్టిలో అది నిజమే మరి.

డిస్ట్రిబ్యూటర్ నుంచి షాపుకి వెళ్ళిన లెక్క, అంటే సెకండరీ సేల్స్ తీసుకోండి. జిల్లాల వారీగా దొరికితే మరీ మంచిది, ఈ పేజీలో అన్నిటికంటే ఉపయోగపడే పని దానితోనే చేయబోతున్నాం. స్టాక్ లేక అమ్మలేకపోయిన వారాలను కూడా గుర్తు పెట్టుకోండి. సరుకు లేని వారం టీవీలో ఎంత వేసినా అమ్మకం రాదు, ఆ తప్పు టీవీ ఖాతాలో పడకూడదు.

మీడియా వైపు టీవీకి ఖర్చు కంటే జీఆర్‌పీలు మేలు, అంటే ప్రకటన ఎంత శాతం మందికి, ఎన్నిసార్లు చేరిందో కలిపి చెప్పే అంకెలు. ఛానల్ వాళ్ళు ఒక నెల బోనస్ స్పాట్లు ఇస్తారు, పండగ నెలలో రేటు పెంచుతారు, అందుకే ఒకే లక్ష రూపాయలకు రెండు నెలల్లో రెండు రకాల ప్రచారం వస్తుంది. టీవీ చూసేవాళ్ళను లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగులు మీరు నేరుగా కొనకపోయినా, ప్రకటన అయిపోయాక మీ ఏజెన్సీ ఇచ్చే రిపోర్టులో వారం వారీ జీఆర్‌పీలు ఉంటాయి, అడిగి తీసుకోండి. పేపర్‌కి ఏ తేదీన, ఏ ఎడిషన్‌లో, ఎన్ని చదరపు సెంటీమీటర్లు అన్నది రాసిపెట్టుకోండి. బిల్లు తేదీ కాదు, పేపర్లో వచ్చిన తేదీ.

పండగలను ఎలా పెట్టాలి? 41వ వారం, 42వ వారం అని గుర్తులు పెడితే చాలదా?

సంక్రాంతికి చాలుతుంది, దసరాకి చాలదు. దసరా 2023లో అక్టోబర్ 24 దగ్గర, 2024లో అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న వచ్చింది. క్యాలెండర్ వారం నంబరు పెడితే 2023 దసరా అమ్మకం 2025లో దీపావళి మీదికి వెళ్ళిపోతుంది. అందుకే పండగకి ఇన్ని వారాల ముందు అని లెక్కపెట్టండి: పండగ వారం, అంతకుముందు వారం. నెయ్యి పిండివంటలకు ముందే కొంటారు కాబట్టి ముందు వారమే ముఖ్యం.

2025 దసరా విషయంలో ఇంకో చిక్కు ఉంది. నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది ఆ ఏడాది సెప్టెంబర్ 22న, పండగకి పది రోజుల ముందు. తగ్గింపు పూర్తిగా కొనేవాళ్ళకి ఇస్తే 112 రూపాయలది 105 అవుతుంది, అంటే ధర 6 శాతం పైగా పడింది. అదే పది రోజుల్లో టీవీ, పేపర్, ఆన్‌లైన్ మూడూ జోరుగా నడుస్తున్నాయి. షాపులో కొనేవాళ్ళకి నిజంగా పడిన ధరను మోడల్లో పెట్టకపోతే ఆ పెరుగుదలంతా ప్రకటనలు పంచుకుంటాయి. పెట్టినా పూర్తిగా విడదీయలేం, అప్పుడు ఆ వారాలను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి నడిపి ఫలితం ఎంత మారిందో చూడాలి.

టీవీ ప్రభావం తర్వాతి వారాలకు ఎలా సాగుతుంది?

దీన్ని యాడ్‌స్టాక్ అంటారు. సైమన్ బ్రాడ్‌బెంట్ 1979లో ఈ ఆలోచనకు రూపం ఇచ్చాడు. లెక్క చాలా చిన్నది:

```
adstock[t] = grp[t] + d * adstock[t-1]
```

`d` అంటే ఈ వారం ప్రభావంలో ఎంత భాగం వచ్చే వారానికి మిగులుతుంది అన్నది. టీవీకి 0.6 అనుకుంటే, ఈ వారం వేసిన 100 జీఆర్‌పీలు వచ్చే వారం 60గా, ఆపై వారం 36గా, తర్వాత 22 దాకా మిగులుతూ, మొత్తం కలిపితే 250 జీఆర్‌పీలంత పనిచేస్తాయి.

104 వారాలతో ఈ `d`ని కూడా డేటానే కనిపెట్టాలని చూస్తే చాలాసార్లు పండగ ఊపుని టీవీ నిలకడగా పొరబడి 0.9 అంటుంది. నేనైతే కనిపెట్టనివ్వను. టీవీకి 0.4, 0.6, 0.7, పేపర్‌కి 0.1, 0.3 అని కొన్ని విలువలు తీసుకుని అన్నిటితో నడిపి చూస్తాను. జవాబు పెద్దగా మారకపోతే మంచిది. 0.4కి పేపర్ గెలిచి 0.7కి టీవీ గెలిస్తే మాత్రం, ఆ రెండిట్లో ఏది మేలో మన డేటాకి తెలియదని యజమానికి అలాగే చెప్పాలి.

మోడల్ నడిపితే టీవీకి మైనస్ వచ్చింది. టీవీ వల్ల నష్టమా?

కాదు. మొదటిసారి నడిపినవాళ్ళు ఎక్కువగా టెన్షన్ పడేది ఇక్కడే. మన కంపెనీకి మొదటి ప్రయత్నంలో పేపర్ మీద పెట్టిన రూపాయికి 9 రూపాయల అమ్మకం, టీవీకి మైనస్ 40 పైసలు వచ్చిందనుకోండి. చివరి 6 వారాలు తీసేసి మళ్ళీ నడిపితే టీవీకి 3 రూపాయలు, పేపర్‌కి 60 పైసలు వచ్చాయి. ఆరు వారాలకే తారుమారయ్యే జవాబు జవాబు కాదు.

కారణం పైన చెప్పిందే, ఆ 11 వారాలు. టీవీ, పేపర్ కలిసి 12 లక్షల అదనపు అమ్మకం తెచ్చాయని మోడల్‌కి తెలుసు, ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియదు. పేపర్‌కి 13 ఇచ్చి టీవీకి మైనస్ 1 ఇచ్చినా, రెండిటికీ చెరి 6 ఇచ్చినా దాని లెక్క దాదాపు ఒకేలా సరిపోతుంది. ఇద్దరు అన్నదమ్ములు ఎప్పుడూ కలిసే పొలానికి వెళ్తుంటే ఎవరు ఎంత దున్నారో గట్టు మీద నుంచి చూసేవాడు చెప్పలేడు, ఒకరోజు ఒక్కరినే పంపితే తెలుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి చాలు: ప్రతిసారీ వేర్వేరు 4 వారాలు తీసేస్తూ పది ఇరవైసార్లు నడపండి. ఏ అంకె గెంతులు వేస్తుందో దాన్ని నమ్మకండి. మైనస్ రాకూడదని మోడల్లో షరతు పెట్టొచ్చు, అందరూ పెడతారు కూడా, కానీ దానివల్ల మైనస్ సున్నా అవుతుందే తప్ప తెలియనిది తెలిసిపోదు.

మరి విడదీయడం ఎలా?

పేపర్ దగ్గర మొదలుపెట్టండి. మన దగ్గర తెలుగు పేపర్లకు జిల్లా ఎడిషన్లున్నాయి, ప్రకటన ఒక జిల్లాలో వేసి పక్క జిల్లాలో వేయకుండా ఉండొచ్చు. తెలుగు శాటిలైట్ ఛానల్లో అది కుదరదు, ఒకసారి వేస్తే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా వస్తుంది. పాత మీడియా అని పేపర్‌ని తక్కువగా చూస్తారు కానీ, మూడిట్లో చవకగా, తేటగా పరీక్ష పెట్టగలిగిన వాటిలో అదొకటి. ఈ అవకాశాన్ని చాలా కంపెనీలు వదిలేసుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పండగ లేని నెల ఎంచుకోండి. అమ్మకాల్లో, గత ఏడాది కదలికల్లో ఒకేలా ఉన్న జిల్లాలను జతలుగా పెట్టండి, 6 జతలు. ఒక్కో జతలో ఏ జిల్లాలో ప్రకటన వేయాలో చీటీ తీయండి, సేల్స్ మేనేజర్‌ని ఎంచుకోమనకండి, ఆయన బాగా అమ్ముడయ్యే జిల్లానే చూపిస్తాడు. ఏ జిల్లాలో పరీక్ష జరుగుతోందో సేల్స్ టీమ్‌కి చెప్పకండి, తెలిస్తే అక్కడ స్కీములు ఇస్తారు, షాపుల్లో సరుకు ఎక్కువ దింపుతారు, అప్పుడు మనం కొలిచేది పేపర్‌ని కాదు. టీవీ, ఆన్‌లైన్ రెండు గుంపులకీ ఒకేలా ఉండాలి.

అంకెలు చూద్దాం. పరీక్షకు ముందు 8 వారాల్లో ప్రకటన వేయబోయే 6 జిల్లాల అమ్మకం వారానికి 30 లక్షలు, వేయని 6 జిల్లాలది 28 లక్షలు. ప్రకటన నడిచిన 4 వారాల్లో వేయని జిల్లాలు 29 లక్షల 40 వేలకు వెళ్ళాయి, అంటే 5 శాతం వాటంతట అవే పెరిగాయి. ప్రకటన లేకపోతే మొదటి గుంపు కూడా అలాగే 5 శాతం పెరిగి 31 లక్షల 50 వేలు అయ్యేది. నిజంగా వచ్చింది 33 లక్షల 60 వేలు. తేడా వారానికి 2 లక్షల 10 వేలు, 4 వారాలకు 8 లక్షల 40 వేలు. ప్రకటనలకు అయింది 6 లక్షలు. రూపాయికి రూపాయి 40 పైసల అమ్మకం.

ఇక్కడ ఆగకండి. ప్రకటనే లేని పాత నెలలు తీసుకుని, ఇవే జిల్లాలతో ఇదే లెక్క వేయండి. సున్నా రావాలి, కానీ రాదు. ఒకసారి ప్లస్ 70 వేలు, ఒకసారి మైనస్ లక్ష ఇలా వస్తాయి. ఆ ఊగిసలాట వారానికి లక్ష దాకా ఉంటే, మన 2 లక్షల 10 వేలు నిజానికి లక్షా 10 వేల నుంచి 3 లక్షల 10 వేల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే రూపాయికి 70 పైసల నుంచి 2 రూపాయల దాకా. ఆ ఊగిసలాటే 2 లక్షలు ఉంటే పరీక్ష ఏమీ చెప్పనట్టే, ఇంకా ఎక్కువ వారాలు, లేదా ఇంకా పెద్ద ప్రకటన కావాలి. ఈ సరిచూపు పరీక్షకు ముందే చేసుకుంటే డబ్బు మిగులుతుంది.

ఈ ఫలితాన్ని మోడల్లో ఎలా పెట్టాలి?

బేయేసియన్ పద్ధతిలో ప్రయర్‌గా పెట్టాలి. పేపర్ గురించి మాకు ఇంత ముందే తెలుసు, మిగతాది నువ్వు చూడు అని మోడల్‌కి చెప్పడం అన్నమాట. పైఎమ్‌సీ అనే పైథాన్ లైబ్రరీలో అయితే ఒక్క వరస:

```python
roi_print = pm.LogNormal("roi_print", mu=np.log(1.4), sigma=0.3)
```

పేపర్ ఆర్‌ఓఐ, అంటే దాని మీద పెట్టిన రూపాయికి వచ్చే అమ్మకం, సుమారు 1.4 దగ్గర, దాదాపు ఖచ్చితంగా 0.8కి 2.5కి మధ్య ఉంటుందని దీని అర్థం. పరీక్షలో వచ్చిన 0.7 నుంచి 2 కంటే పై వైపు కొంచెం వదులుగానే వదిలాను, ఎందుకంటే పరీక్ష పెట్టింది పండగ లేని నెలలో, 12 జిల్లాల్లో. దసరాకి అదే ప్రకటన వేరేగా పనిచేయొచ్చు.

దీనివల్ల లాభం పేపర్‌కంటే టీవీకి ఎక్కువ. కలిసి నడిచిన ఆ 11 వారాల్లో పేపర్ వాటా ఎంతో ఒక హద్దు తెలిసింది కాబట్టి మిగిలింది టీవీదని మోడల్ తేల్చుకోగలుగుతుంది. ఇందాక మైనస్ 40 పైసలకు, 3 రూపాయలకు మధ్య గెంతిన టీవీ, ఇప్పుడు ఏ వారాలు తీసేసినా రూపాయి చుట్టుపక్కల నిలబడితే, అప్పుడు నమ్మడం మొదలుపెట్టొచ్చు.

ఆన్‌లైన్‌లో గూగుల్ సెర్చ్ అద్భుతంగా పనిచేస్తోందని వస్తోంది. నిజమేనా?

మీ బ్రాండ్ పేరు టైప్ చేసినవాళ్ళకి చూపించే ప్రకటనైతే నమ్మకండి. టీవీలో చూసి పేరు గుర్తుపెట్టుకుని వెతుకుతారు, వెతికేవాళ్ళు పెరిగేకొద్దీ ఆ ఖర్చు దానంతటదే పెరుగుతుంది, అమ్మకమూ పెరుగుతుంది. మోడల్ చూసేది ఖర్చు, అమ్మకం కలిసి పెరగడమే కాబట్టి టీవీ తెచ్చిన పేరు సెర్చ్ కొట్టేస్తుంది. దాన్ని మీడియా జాబితాలోంచి తీసేయండి. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను మాత్రం ఉంచండి, వాటిని ఊళ్ళ వారీగా ఆపొచ్చు కాబట్టి పేపర్‌లాగే పరీక్ష పెట్టొచ్చు.

ఆర్-స్క్వేర్డ్ 0.93 వచ్చింది. మోడల్ బాగున్నట్టేనా?

అమ్మకాల హెచ్చుతగ్గుల్లో 93 శాతాన్ని మోడల్ వివరించిందని దాని అర్థం. ఇప్పుడు ప్రకటనలన్నీ తీసేసి, పండగలు, ధర, ట్రెండ్ మాత్రమే ఉంచి నడపండి. నెయ్యి లాంటి సరుకుకి అప్పుడు కూడా 0.9 దగ్గరలో వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ 0.93 ప్రకటనల గురించి చెప్పింది చాలా తక్కువ. చివరి 12 వారాలు దాచిపెట్టి, మొదటి 92తో మోడల్ కట్టి, దాచినవి ఊహించమనండి. ప్రకటనలు ఉన్న మోడల్ లేనిదానికంటే బాగా ఊహించకపోతే ఆ ఆర్‌ఓఐ అంకెలను ఇంకా మీటింగుకి తీసుకెళ్ళకండి.

రూపాయికి 1.40 అంటే లాభమే కదా?

అది అమ్మకం, లాభం కాదు. నెయ్యి మీద మీకు మిగిలేది 25 శాతం అనుకుంటే 1.40 అమ్మకంలో మిగిలేది 35 పైసలు. రూపాయి పెట్టి 35 పైసలు. ఈ వారాల్లోనే ఖర్చు తిరిగి రావాలంటే రూపాయికి 4 రూపాయల అమ్మకం రావాలి, వంటింటి సరుకులకు అంత రావడం అరుదు.

దీనర్థం ప్రకటనలు ఆపేయమని కాదు. ఈ మోడల్ కొన్ని వారాల ప్రభావాన్నే చూస్తుంది. మొదటిసారి కొన్న ఇల్లాలు మూడేళ్ళు అదే నెయ్యి కొంటే, ఆ లెక్క 104 వారాల డేటాలో దొరకదు. అందుకే మొత్తం ప్రకటనలు దండగా కాదా అని ఈ మోడల్‌ని అడగకండి, ఉన్న 3 కోట్లను మూడు మీడియాల మధ్య ఎలా సర్దాలో అడగండి.

సరే, మోడల్ అంకెలతో బడ్జెట్‌ని సర్దిచూపే ఆప్టిమైజర్ పేపర్ నుంచి టీవీకి 50 లక్షలు మార్చేయమని చెబుతోంది. మార్చమంటారా?

వద్దు. మీ టీవీ వారాలన్నీ 150 నుంచి 200 జీఆర్‌పీల మధ్యే ఉంటే 350 జీఆర్‌పీల దగ్గర ఏం జరుగుతుందో డేటాలో ఒక్క వారం కూడా సాక్ష్యం లేదు. ప్రకటన పెరిగేకొద్దీ ప్రభావం ఎక్కడ మందగిస్తుందో చూపే వంపుని ఆప్టిమైజర్ అక్కడ ఊహించి గీస్తుంది, గీసిన గీత నిజమైన గీతలాగే కనబడుతుంది. ఏ మీడియానైనా ఒకసారికి 20 శాతం కంటే ఎక్కువ కదపకండి. 80 లక్షల పేపర్‌లో 15 లక్షలు మార్చి, మూడు నెలలు చూసి, మళ్ళీ మోడల్ నడపండి.

ఏ టూల్ వాడాలి?

గూగుల్ వాళ్ళ మెరిడియన్, మెటా వాళ్ళ రాబిన్, పైఎమ్‌సీ-మార్కెటింగ్ మూడూ ఉచితమే. మెరిడియన్, పైఎమ్‌సీ-మార్కెటింగ్ బేయేసియన్ పద్ధతివి, పరీక్ష ఫలితాన్ని ప్రయర్‌గా పెట్టడం వాటిలో తేలిక. మెరిడియన్ జిల్లాల వారీ డేటాని కూడా తీసుకుంటుంది. 12 జిల్లాలు, 104 వారాలు ఇస్తే వరసలు 1,248 అవుతాయి, అయితే టీవీ అన్ని జిల్లాల్లో ఒకేసారి నడిచింది కాబట్టి టీవీ విషయంలో అది కొత్త సమాచారం కాదని గుర్తుంచుకోండి. రాబిన్ ప్రధానంగా ఆర్ భాషలో నడుస్తుంది, అంకెలు అతిగా పెరిగిపోకుండా అదుపులో ఉంచే రిడ్జ్ రిగ్రెషన్ వాడుతుంది. మీ దగ్గర ఉన్నవాళ్ళకి ఏ భాష వస్తే అది తీసుకోండి.

వచ్చే ఏడాది డేటా మెరుగ్గా ఉండాలంటే ఇప్పుడు ఏం చేయాలి?

ఖర్చు పెంచక్కర్లేదు, కలిసి నడిచేవాటిని విడదీయాలి. దసరాకి టీవీ 4 వారాల ముందు మొదలైతే పేపర్ రెండు వారాల ముందు మొదలుపెట్టండి. పండగ లేని నెలల్లో టీవీ రెండు వారాలు వేసి మూడు వారాలు ఆపండి, ఒకసారి 100 జీఆర్‌పీలు, ఒకసారి 220 వేయండి, అప్పుడే వంపు ఎక్కడ మందగిస్తుందో తెలుస్తుంది. పేపర్‌ని జిల్లాల వారీగా తిప్పండి, జూన్‌లో వేసిన జిల్లాలకు ఆగస్టులో ఆపి, ఆపినవాటికి వేయండి. ఏ నెల ఎక్కడ ఎందుకు ఆపారో ఒక ఫైల్లో ఆ రోజే రాసిపెట్టండి, ఎందుకంటే ఏడాది తర్వాత మోడల్ నడిపేటప్పుడు మార్చి రెండో వారంలో పేపర్ ఆగింది పరీక్ష కోసమా, స్టాక్ లేకనా అని అడిగితే ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు.